ఫ్లాట్ ఆలస్యం: బిల్డర్‌కు ఇచ్చే లీగల్ నోటీసులో డబ్బు వెనక్కి అడగాలా, ఫ్లాటే కావాలనాలా?

ఒప్పందంలో రాసిన తేదీ దాటిపోయింది, ఫ్లాట్ ఇంకా చేతికి రాలేదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు నోటీసు నమూనా కోసం వెతుకుతారు. నమూనా దొరకడం కష్టం కాదు. అందులో చివరి పేరాలో ఏం అడగాలన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చుకోకుండా పంపిన నోటీసు తర్వాత కేసులో మనకే అడ్డం తిరుగుతుంది.

రియల్ ఎస్టేట్ రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ కొనుగోలుదారు ముందు రెండు దారులు పెట్టింది. ప్రాజెక్టు నుంచి తప్పుకుని, కట్టిన మొత్తాన్ని వడ్డీతో సహా వెనక్కి తీసుకోవచ్చు. తప్పుకోవడం ఇష్టం లేకపోతే, ఫ్లాట్ అప్పగించేదాకా ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ తీసుకోవచ్చు. రెండింటికీ వడ్డీ రేటు ఒకటే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం అది స్టేట్ బ్యాంక్ రుణాలకు ఆధారంగా పెట్టుకునే ఎంసీఎల్ఆర్ రేట్లలో అత్యధికమైనదాని మీద మరో 2 శాతం. తేడా అంతా వడ్డీ ఏ రోజు నుంచి మొదలవుతుందన్న దగ్గర ఉంది. ఫ్లాట్ కావాలంటే గడువు దాటిన రోజు నుంచి లెక్క. తప్పుకుంటే, మీరు కట్టిన ఒక్కో వాయిదాకు అది కట్టిన రోజు నుంచే లెక్క.

ఒక లెక్క వేసి చూద్దాం

హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్లాట్ ఒప్పందం ధర 72,00,000 రూపాయలు అనుకుందాం. రిజిస్టర్ అయిన అమ్మకం ఒప్పందం 2021 మార్చిలో జరిగింది. అప్పగింత తేదీ 2023 సెప్టెంబర్ 30, ఆ పైన ఆరు నెలల గ్రేస్ పీరియడ్. అంటే ఆఖరి గడువు 2024 మార్చి 31. కొనుగోలుదారు 2021 ఏప్రిల్ 1న 14,40,000, 2022 ఏప్రిల్ 1న 28,80,000, 2023 ఏప్రిల్ 1న 18,00,000 కట్టాడు. మొత్తం 61,20,000. ఇంకా 10,80,000 కట్టాలి. నోటీసు కోసం లెక్క 2025 జూన్ 30 దాకా వేస్తున్నాం. వడ్డీ రేటు సౌలభ్యం కోసం 11 శాతం అనుకుందాం. మీ నోటీసులో మాత్రం స్టేట్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఆ రోజున్న అత్యధిక ఎంసీఎల్ఆర్ చూసి వేయాలి.

ఫ్లాట్ కావాలనుకుంటే 61,20,000 మీద నెలకు 56,100 వడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి 2025 జూన్ దాకా 15 నెలలకు 8,41,500.

తప్పుకుంటే మొదటి వాయిదాకు 51 నెలలు, రెండోదానికి 39, మూడోదానికి 27 నెలలు లెక్కకు వస్తాయి. వడ్డీ వరుసగా 6,73,200, 10,29,600, 4,45,500. కలిపితే 21,48,300. అసలుతో చేరిస్తే 82,68,300.

21 లక్షలు, 8 లక్షలు పక్కపక్కన కనపడగానే చాలామంది మొదటిదానివైపే మొగ్గుతారు. ఆ రెండు అంకెలనూ నేరుగా పోల్చకూడదు. ఒక దారిలో చేతికి డబ్బు మాత్రమే వస్తుంది, రెండోదాంట్లో ఫ్లాట్ కూడా వస్తుంది. పోల్చాల్సింది ఇలా: ఫ్లాట్ కోసం ఉంటే బాకీ 10,80,000లో 8,41,500 వడ్డీ పోను మీ జేబులోంచి ఇంకా పెట్టేది 2,38,500. తప్పుకుంటే మీ దగ్గర 82,68,300 ఉంటాయి, దాంతో అలాంటి ఫ్లాటే వేరే చోట కొనాలి. రెండూ కలిపితే 85,06,800. అదే ప్రాంతంలో, అంతే వైశాల్యంతో, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, వచ్చిన ఫ్లాట్ ఇంతకంటే తక్కువకు దొరికితే తప్పుకోవడం లాభం. ఎక్కువైతే ఉండిపోవడం లాభం. 95 లక్షలు పలుకుతుంటే తప్పుకున్నవాడు దాదాపు పది లక్షలు నష్టపోతాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎటు చూసినా ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు.

ఇంకో సంగతి గమనించండి. ఆలస్యం మరో ఏడాది పెరిగినా ఈ 85 లక్షల గీత కదలదు. ఎందుకంటే గడువు దాటాక రెండు దారుల్లోనూ వడ్డీ నెలకు 56,100 చొప్పునే పెరుగుతుంది. మారేది మార్కెట్ ధర ఒక్కటే. ‘ఇంకొన్నాళ్లు ఆగితే రీఫండ్ లాభసాటి అవుతుంది’ అన్న మాటకు అందువల్ల ఆధారం లేదు.

కాగితం మీది లెక్కకు, చేతికొచ్చే డబ్బుకు మధ్య

పై లెక్క బిల్డర్ ఇస్తాడనుకుని వేసింది. ఇవ్వగలడా అన్నది విడిగా చూడాలి. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేజీ తెరిచి రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో, మూడు నెలలకోసారి పెట్టాల్సిన పని పురోగతి వివరాలు చివరిసారి ఎప్పుడు పెట్టారో చూడండి. తర్వాత సైట్‌కు వెళ్లండి. స్లాబులన్నీ పడి, గోడలు, ప్లాస్టరింగ్ పూర్తయి, లిఫ్టులు, ఫైర్ పైపులైన్లు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని నడుస్తుంటే అది పూర్తయ్యే ప్రాజెక్టు. అక్కడ ఫ్లాట్ అడగడమే మేలు, ఎందుకంటే మీ వడ్డీని చివరి వాయిదాలో తగ్గించుకునే వీలుంది. బిల్డర్ జేబులోంచి తీసి ఇవ్వనక్కర్లేని డబ్బు తొందరగా వసూలవుతుంది. పై ఉదాహరణలో 8,41,500 మొత్తం బాకీ 10,80,000లోనే సర్దుబాటు అయిపోతుంది.

స్లాబుల దశలోనే పని ఆగి, కూలీలు లేక, ఇనుము తుప్పు పట్టి ఉంటే తప్పుకోవడం వైపు ఆలోచించాలి. అయితే అలాంటి బిల్డర్ దగ్గర 82 లక్షలు ఇచ్చే డబ్బూ ఉండదు. అక్కడ చేయాల్సింది తొందరగా ఉత్తర్వు తెచ్చుకుని వసూలుకు దిగడం. రెరా ఉత్తర్వు ప్రకారం రావాల్సిన మొత్తాన్ని 40వ సెక్షన్ కింద భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయిస్తారు. ఆ దారిలో జాప్యం మామూలే. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే వసూలు చర్యలు ఆగిపోతాయి. రీఫండ్ ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్లు కూడా మిగతా ఇళ్ల కొనుగోలుదారుల్లాగే కంపెనీకి అప్పిచ్చినవాళ్లతో సమానమైన ఫైనాన్షియల్ క్రెడిటర్లేనని 2023లో విశాల్ చెలానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఉత్తర్వు తెచ్చుకోవడం వల్ల ఆ హోదా పోతుందన్న భయం అక్కర్లేదు.

తప్పుకోవాలనుకుంటే ఓసీ రాకముందే అడగాలి. బిల్డర్ గడువు తప్పితే రీఫండ్ అడగడం కొనుగోలుదారుకు ఏ షరతూ లేని హక్కు అని 2021లో న్యూటెక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది ఐరియో గ్రేస్ కేసులో, వినియోగదారుల చట్టం కింద వచ్చిన ఫిర్యాదుల్లో, ఓసీ వచ్చి అప్పగింత లేఖ అందుకున్నవాళ్లను ఆలస్యానికి పరిహారం తీసుకుని ఫ్లాట్లు తీసుకోమంది. ఓసీ రాని టవర్ల వాళ్లకు రీఫండ్ ఇచ్చింది. కాబట్టి బిల్డర్ ఓసీకి దరఖాస్తు పెట్టాడని తెలిస్తే ఊగిసలాటకు సమయం లేదు.

నోటీసులో సంగతులు ఎలా రాయాలి

ఏ దారి ఎంచుకున్నా సంగతుల భాగం దాదాపు ఒకటే. దీన్ని కోపం లేకుండా, తేదీలవారీగా, ఒక్కో పేరాకు ఒక్కో సంగతిగా రాయాలి. ప్రతి పేరాకు వెనక ఒక కాగితం ఉండాలి.

మొదట ఎవరికి పంపుతున్నారో సరిచూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రాజెక్టులు స్థల యజమానితో డెవలప్‌మెంట్ ఒప్పందం మీద కట్టేవే. మీరు కొన్నది యజమాని వాటాలోని ఫ్లాట్ అయితే బిల్డర్ ‘నాకు సంబంధం లేదు’ అంటాడు, యజమాని ‘కట్టేది నేను కాదు’ అంటాడు. కట్టేవారు, అమ్మేవారు వేరైతే ఇద్దరూ ప్రమోటర్లేనని, బాధ్యత ఉమ్మడిగా ఉంటుందని రెరా చట్టం నిర్వచనంలోనే ఉంది. ఇద్దరికీ పంపండి. కంపెనీకైతే ఒప్పందంలోని చిరునామాకు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు రెండింటికీ పంపాలి. ఇటువైపు భార్యాభర్తల పేర్ల మీద ఫ్లాట్ ఉంటే ఇద్దరి పేర్లూ ఉండాలి. విదేశాల్లో ఉన్నవాళ్ల తరఫున జీపీఏ ఉన్నవారు పంపితే ఆ జీపీఏ తేదీ, నంబరు రాయాలి.

తర్వాత ఒప్పందం తేదీ, దస్తావేజు నంబరు, రెరా రిజిస్ట్రేషన్ నంబరు, ఫ్లాట్, టవర్, వైశాల్యం, ధర. ఆ తర్వాత కట్టిన డబ్బు పట్టిక: తేదీ, మొత్తం, రసీదు నంబరు, బ్యాంకు వివరం. ఇందులో పొరపాటు ఎక్కువగా జరిగేది జీఎస్టీ, టీడీఎస్ దగ్గర. ధర 50 లక్షలు, ఆ పైన ఉన్నప్పుడు కొనుగోలుదారు 1 శాతం టీడీఎస్ కోసి బిల్డర్ పాన్ మీద జమచేస్తాడు. అదీ బిల్డర్‌కు ఇచ్చిన డబ్బే, దాన్ని పట్టికలో వదిలేయకండి. జీఎస్టీని వేరే వరుసలో చూపండి, ధరలో కలిపేస్తే అంకెలు బిల్డర్ లెడ్జర్‌తో సరిపోవు.

గడువు తేదీ రాసేటప్పుడు ఒప్పందంలోని క్లాజు నంబరు ఇచ్చి, అందులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాయండి. గ్రేస్ పీరియడ్ షరతు లేకుండా ఉంటే దాన్ని కలుపుకునే లెక్క వేయండి. ఫలానా కారణాలుంటేనే గ్రేస్ అని రాసి ఉండి, బిల్డర్ ఆ కారణాలేవీ తెలపకపోతే అసలు తేదీ నుంచే అడగవచ్చు. రెరా రిజిస్ట్రేషన్‌ను పొడిగించారు కాబట్టి మీ గడువూ పెరిగిందని బిల్డర్ జవాబిస్తాడు. అది చెల్లదు. కొనుగోలుదారు హక్కుకు ఒప్పందంలోని తేదీయే కొలమానమని 2020లో ఇంపీరియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోవిడ్ సాకు కూడా వస్తుంది. పై ఉదాహరణలో ఒప్పందమే 2021 మార్చిలో జరిగింది, అంటే కోవిడ్ సంగతి తెలిసే తేదీ ఇచ్చారు. ఈ ఒక్క వాక్యం నోటీసులో ముందే ఉంటే ఆ జవాబుకు బలం పోతుంది.

మీవైపు లోపం ఉంటే దాచకండి. ఒక వాయిదా నలభై రోజులు ఆలస్యంగా కట్టి, దానికి వడ్డీ కూడా చెల్లించి ఉంటే ఆ సంగతి మీరే రాయండి. బిల్డర్ జవాబులో అదే మొదటి ఆయుధం, మీ నోటీసులోనే ఉంటే అది ఆయుధంగా పనికిరాదు.

చివరగా నేటి స్థితి: ఓసీ రాలేదన్న వాక్యం, సైట్‌లో తేదీ కనపడేలా తీసిన ఫోటోలు, బిల్డర్ పంపిన ఈమెయిళ్లలో మార్చుకుంటూ పోయిన తేదీలు. ఇంటీరియర్ పనులు చేసుకోమని ముందుగా తాళాలిచ్చి, దాన్నే అప్పగింతగా చూపించడం బిల్డర్లు తరచూ చేసే పని. తాళాలు తీసుకుని ఉంటే అది ఓసీ లేకుండా ఇచ్చినదని, చట్టబద్ధమైన అప్పగింతగా ఒప్పుకోలేదని నోటీసులో రాయాలి.

డిమాండ్లు: రెండు దారులకు రెండు రకాల వాక్యాలు

ఫ్లాట్ కావాలంటే ఇలా రాయవచ్చు:

‘ప్రాజెక్టు నుంచి తప్పుకునే ఉద్దేశం మాకు లేదు. ఓసీ సహా అప్పగింత ఏ తేదీన చేస్తారో ఈ నోటీసు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. సెక్షన్ 18(1) ప్రకారం 01-04-2024 నుంచి 30-06-2025 వరకు వడ్డీ రూ. 8,41,500 నోటీసు అందిన 30 రోజుల్లో చెల్లించండి, లేదా మేం కట్టాల్సిన బాకీలో తగ్గించి సవరించిన స్టేట్‌మెంట్ పంపండి. ఆ తర్వాత అప్పగింత వరకు నెలకు రూ. 56,100 చొప్పున వడ్డీ కొనసాగుతుంది.’

తప్పుకోవాలంటే:

‘ఒప్పందం ప్రకారం 31-03-2024 నాటికి ఫ్లాట్ అప్పగించడంలో మీరు విఫలమైనందున, సెక్షన్ 18(1) కింద ప్రాజెక్టు నుంచి తప్పుకుంటున్నాం. మేం చెల్లించిన రూ. 61,20,000, దానిపై 30-06-2025 వరకు వడ్డీ రూ. 21,48,300, ఆపై చెల్లింపు తేదీ వరకు వడ్డీ, ఈ నోటీసు అందిన 30 రోజుల్లో చెల్లించండి.’

రెండో వాక్యంలో ‘బుకింగ్ రద్దు చేసుకుంటున్నాం’ అని పొరపాటున కూడా రాయకూడదు. బిల్డర్ తప్పు లేకుండా కొనుగోలుదారే రద్దు చేసుకుంటే బుకింగ్ మొత్తాన్ని పట్టుకోవచ్చన్న క్లాజు ఒప్పందాల్లో ఉంటుంది. రద్దు అన్నారంటే బిల్డర్ ఆ క్లాజు తీసి, ధరలో 10 శాతం, అంటే ఇక్కడ 7,20,000 కోసేస్తానంటాడు. కోపంలో పంపే ఒక వాట్సాప్ సందేశం కూడా ఇందుకు చాలు. తప్పుకోవడానికి కారణం బిల్డర్ వైఫల్యమేనని ప్రతిసారీ రాతలో ఉండాలి.

‘ఫ్లాట్ అయినా ఇవ్వండి, డబ్బయినా ఇవ్వండి’ అనే నోటీసు చాలా బలహీనం. ఎంచుకునే హక్కు చట్టం మీకిచ్చింది, ఆ వాక్యం దాన్ని బిల్డర్ చేతిలో పెడుతుంది. నిజంగా తేల్చుకోలేకపోతే వరుస పెట్టండి: ముందు ఫ్లాట్, వడ్డీ అడిగి, ఒక తేదీ చెప్పి, ఆలోగా ఓసీ సహా అప్పగించకపోతే తప్పుకునే హక్కు వినియోగించుకుంటామని రాయండి. పని ముగింపు దశలో ఉన్నా బిల్డర్ మాట మీద నమ్మకం లేనివాళ్లకు ఇదే సరైన పద్ధతి.

అద్దె, మానసిక వేదన, స్టాంపు ఖర్చుల వంటి పరిహారాన్ని వడ్డీతో కలపకండి. రెరాలో రీఫండు, వడ్డీ అథారిటీ చూస్తుంది, పరిహారం అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందుకు వెళ్తుంది. అద్దె ఒప్పందం, బ్యాంకు బదిలీలు ఉన్నంతవరకే అంకె వేసి, విడి డిమాండుగా పెట్టండి. ఆధారం లేకుండా వేసే పాతిక లక్షల అంకె మిగతా లెక్క మీద కూడా నమ్మకాన్ని తగ్గిస్తుంది.

గృహరుణం ఉంటే తప్పుకునే నోటీసు ప్రతిని బ్యాంకుకు కూడా పంపండి. త్రైపాక్షిక ఒప్పందం ఉన్నప్పుడు రీఫండ్‌లోంచి ముందు బ్యాంకు బాకీ తీరుతుంది. ఈఎంఐ మాత్రం ఆపకండి, సిబిల్ స్కోరు దెబ్బతినేది మీదే.

గడువు, పంపే విధానం

ఇన్ని రోజులే ఇవ్వాలని ఈ నోటీసుకు చట్టం నిర్దేశించలేదు. అసలు నోటీసు లేకుండా కూడా రెరాకు వెళ్లవచ్చు. అయితే 18వ సెక్షన్ బాధ్యత ‘డిమాండ్ చేసినప్పుడు’ అని చెబుతుంది కాబట్టి, ఏ దారి ఎంచుకున్నారో, ఎప్పుడు అడిగారో చూపే కాగితంగా నోటీసుకు విలువ ఉంది. ఏడు రోజుల గడువు ఇస్తే ఏ కంపెనీ కూడా 82 లక్షలు ఇవ్వదు, అది బెదిరింపులాగే కనపడుతుంది. 90 రోజులిస్తే బిల్డర్‌కు మరో మూడు నెలలు ఊరికే ఇచ్చినట్టు. జవాబుకు 15, డబ్బుకు 30 రోజులు సరిపోతాయి. గడువును నోటీసు అందిన రోజు నుంచి లెక్కించాలి, రాసిన తేదీ నుంచి కాదు.

2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. కాబట్టి స్పీడ్ పోస్టులోనే పంపి, రసీదు, ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని వచ్చిన పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి. అదే రోజు ఒప్పందంలో రాసిన ఈమెయిల్‌కు సంతకం చేసిన పీడీఎఫ్ పంపండి. సరైన చిరునామాకు పంపినది ‘తీసుకోలేదు’ అని తిరిగొస్తే కవరు విప్పకుండా దాచండి, అది కేసులో సాక్ష్యం. న్యాయవాది ద్వారా పంపినా, మీరే సంతకం చేసి పంపినా చట్టం దృష్టిలో విలువ ఒకటే. తప్పుకునే నోటీసును మాత్రం న్యాయవాదికి చూపించకుండా పంపవద్దు, ఒకసారి పంపాక వెనక్కి రావడం కష్టం.

గడువు దాటాక రెరానా, కన్జ్యూమర్ కమిషనా?

రెండూ తెరిచే ఉన్నాయి, కానీ ఒకే డిమాండుతో రెండు చోట్లకూ వెళ్లకూడదు. అందుకే నోటీసులో ఒకదాని పేరే రాసి కట్టుబడిపోకుండా ‘తగిన చట్టబద్ధ వేదికను ఆశ్రయిస్తాం’ అని రాయడం మంచిది.

వడ్డీయే ప్రధానమైతే రెరా. రేటు నిబంధనల్లోనే ఉంది, వాదన తక్కువ. ఒకటికి మించి ఫ్లాట్లు పెట్టుబడిగా కొన్నవాళ్లకూ రెరాయే నయం. కమిషన్‌లో ‘వీళ్లు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారులు కారు’ అన్న అభ్యంతరం వస్తుంది. రీఫండు, పరిహారం, ఖర్చులు ఒకే ఫిర్యాదులో తేలాలనుకుంటే కన్జ్యూమర్ కమిషన్ మేలు. అక్కడ వడ్డీ రేటు కమిషన్ విచక్షణ, 2022లో సుప్రీంకోర్టు తేల్చిన ఎక్స్‌పీరియన్ కేసులో అది 9 శాతం. ఉత్తర్వు పాటించకపోతే వినియోగదారుల చట్టం 72వ సెక్షన్ కింద జైలు శిక్షకు వీలుండటం బిల్డర్ మీద గట్టి ఒత్తిడి. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. మన ఉదాహరణలోని 61,20,000 రాష్ట్ర కమిషన్‌కు వెళ్తుంది. అక్కడ ఫిర్యాదుకు రెండేళ్ల కాలపరిమితి ఉంది. అప్పగించనంత కాలం ఫిర్యాదు కారణం కొనసాగుతుందన్న తీర్పులున్నా, ఆ వాదన మీదే ఆధారపడకుండా గడువు దాటిన రెండేళ్లలోపే వేయడం క్షేమం. ఈ ఉదాహరణలో ఆ తేదీ 2026 మార్చి 31.

నోటీసు అందాక బిల్డర్ ఆఫీసు నుంచి మాట్లాడుకుందామని ఫోన్ వస్తుంది. వెళ్లండి. సెటిల్‌మెంట్ కాగితంలో మూడు చోట్ల ఆగి చదవండి: కొత్త అప్పగింత తేదీకి ‘ఓసీ సహా’ అని ఉందా, వడ్డీ ఎంతో అంకెల్లో రాశారా, ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు’ అన్న వాక్యం డబ్బు అందాకే అమల్లోకి వస్తుందని ఉందా. మూడోది లేకపోతే సంతకం పెట్టకండి.